మూడు కూతలంటే ఎన్ని నిమిషాలు?

మా మేనత్త వంటల నోటుబుక్కులో నిమిషాలుండవు, కూతలుంటాయి. కందిపప్పుకి మూడు, నానబెట్టిన శనగలకి ఆరు, ఉలవలకైతే "లెక్కపెట్టకు, వాసన చూడు" అని ఉంటుంది. నలభై ఏళ్లు గ్యాస్ పొయ్యి ముందు నిలబడి పట్టిన లెక్కలవి. నెల రోజులుందామని తణుకు నుంచి హైదరాబాదులో మా ఇంటికొచ్చిన నాలుగో రోజు పొద్దున్నే సిలిండరు అయిపోయింది. రెండోది కూడా ఖాళీదేనన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. అటక మీద అట్టపెట్టెలో ఉన్న ఇండక్షన్ స్టవ్ దించి, దుమ్ము తుడిచి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ పప్పు పెట్టింది, మూడు కూతలు లెక్కపెట్టింది, దించింది. మూత తీస్తే పప్పు పలుకు పలుకుగా ఉంది. పోపు వేస్తే ఆవాలు బొగ్గులయ్యాయి.

మధ్యాహ్నం మా చెల్లెలు భోజనానికొచ్చింది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది, రెండేళ్లుగా వాళ్లింట్లో వంటంతా ఇండక్షన్ మీదే. పెరుగన్నంతో మొదలైన వాదన రాత్రి వంట దాకా సాగింది. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ మధ్యలో కూర్చున్నాను.

చెల్లెలు: తప్పు నీ చేతిలో లేదత్తా, నీ నోటుబుక్కులో ఉంది. అవన్నీ గ్యాస్ లెక్కలు. ఇండక్షన్ మీద చేసేటప్పుడు ప్రతి టైములోనూ మూడో వంతు కొట్టెయ్యాలి. అరగంట అని ఉంటే ఇరవై నిమిషాలు చాలు. మా ఇంట్లో నేను చేసేదదే.

మేనత్త: పప్పు ఉడకలేదు మొర్రో అని నేనంటుంటే ఇంకా తగ్గించమంటావేమిటే?

చెల్లెలు: నే చెప్పేది విను. గ్యాస్ మంటలో గిన్నెకి చేరేది కొంతే. మిగతాది గిన్నె పక్కల నుంచి పైకి పోయి నీ మొహానికి తగులుతుంది. మన దేశంలో గ్యాస్ పొయ్యికి ఉండాల్సిన కనీస సామర్థ్యం 68 శాతం. అది కూడా పరీక్ష గదిలో లెక్క, జిడ్డు పట్టిన మన బర్నరుకి కాదు. ఇండక్షన్‌లో మంటే లేదు. అద్దం కింద రాగి తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకి ఇరవై వేల సార్లకి పైగా అటూ ఇటూ మారుతుంటే, ఆ ప్రభావానికి గిన్నె అడుగులోనే కరెంటు సుడులు పుట్టి ఆ అడుగే వేడెక్కుతుంది. మధ్యలో పోయేది తక్కువ, నూటికి ఎనభై అయిదు వంతుల దాకా గిన్నెకే వస్తుంది.

మేనత్త: గిన్నెకి ఎంతొస్తే నాకెందుకు? పప్పు ఉడకడానికి పట్టే కాలం పప్పుది, పొయ్యిది కాదు. కట్టెల పొయ్యి మీద చేశాను, బొగ్గుల కుంపటి మీద చేశాను, కిరోసిన్ స్టవ్ మీద చేశాను. ఏ పొయ్యి మీదైనా బియ్యం ఉడకాల్సినంతసేపు ఉడకాల్సిందే. నువ్వు మార్చాల్సింది మంట, టైము కాదు.

ఇద్దరిలో ఒకరిదే ఒప్పయితే ఈ వ్యాసం ఇక్కడితో ఆగిపోయేది. నాలుగింటికి సిలిండరు వచ్చింది. చెల్లెలు ఒకే రకం స్టీలు గిన్నెలు రెండు తీసి అడుగుకి ఫ్రిజ్ మీది అయస్కాంతం ఆనించి చూసింది. అంటుకుంది కాబట్టి ఇండక్షన్‌కి పనికొస్తాయి. ఒక్కోదాన్లో లీటరు కుళాయి నీళ్లు పోసి మూతలు పెట్టింది. ఒకటి గ్యాస్ పెద్ద బర్నరు మీద, నిండు మంట. రెండోది ఇండక్షన్ మీద, 1800 అంకె దగ్గర. ఫోన్‌లో టైము పెట్టుకుని ముగ్గురం నిలబడ్డాం. ఇండక్షన్ మీది నీళ్లు 3 నిమిషాల 50 సెకన్లకి తెర్లాయి. గ్యాస్ మీద 5 నిమిషాల 40 సెకన్లు పట్టింది.

చెల్లెలు: చూశావా? దాదాపు మూడో వంతు తగ్గింది.

మేనత్త: చూశాను. ఇప్పుడు రెండింట్లోనూ తలా గుప్పెడు సోనా మసూరి వెయ్యి. రెండూ సన్నగా తెర్లేలా మంట తగ్గించు.

ఆవిడ ఎక్కడికి లాగుతోందో నాకప్పుడే అర్థమైంది. చెల్లెలికి కూడా అర్థమై ఉండాలి, ఎందుకంటే మారు మాట్లాడకుండా వేసింది. తొమ్మిదో నిమిషం నుంచి మేనత్త రెండు గిన్నెల్లోంచీ మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కి చూస్తూ వచ్చింది. పన్నెండో నిమిషానికి ఇటు మెతుకు మెత్తబడింది. అటు మెతుకూ అప్పుడే.

చెల్లెలు: సరే, ఒప్పుకున్నాను. తెర్లిన తర్వాత నీళ్ల వేడి ఇక పెరగదు. సముద్రం పక్కనైతే 100 డిగ్రీలు, హైదరాబాదు ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ ఓ రెండు డిగ్రీలు తక్కువ. నేను కింద 1800 పెట్టినా, 500 పెట్టినా మెతుకుకి తెలిసే వేడి అంతే. ఎక్కువ పెడితే నీళ్లు ఆవిరై పోతాయి తప్ప అన్నం ముందు ఉడకదు.

మేనత్త: మరి రెండేళ్ల నుంచీ మూడో వంతు కొట్టేసి ఏం తింటున్నారే మీరు?

చెల్లెలు: ఆకుకూరలు, టీ, ఉప్మా, మ్యాగీ. వాటిల్లో నీళ్లు కాగే టైమే ఎక్కువ, ఉడికే టైము తక్కువ. అందుకే నా లెక్క సరిపోతూ వచ్చింది. చిక్కుడుకాయ కూర మాత్రం ఎప్పుడూ కాస్త గట్టిగానే ఉండేది. కాయ ముదురేమో అనుకునేదాన్ని.

ఈ ఒక్క మాట కోసమే సాయంత్రమంతా కూర్చోవచ్చు. ఏ వంటలోనైనా టైము రెండు ముక్కలుగా ఉంటుంది: వేడెక్కే దాకా పట్టేది, వేడెక్కాక ఉడకడానికి పట్టేది. మొదటి ముక్క పొయ్యిది, రెండోది పప్పుదో బియ్యానిదో. పుస్తకాల్లో "ఇరవై నిమిషాలు ఉడికించండి" అని రెండూ కలిపి రాసేస్తారు. చెల్లెలు మొత్తాన్నీ కోసింది. మేనత్త ఏదీ కోయనంది. కోయాల్సింది మొదటి ముక్కని మాత్రమే. కానీ మేనత్త పొద్దున ఏ టైమూ కోయలేదు కదా, పప్పు ఎందుకు ఉడకలేదు? అక్కడికొచ్చేసరికి పాచిక తిరగబడింది.

చెల్లెలు: ఎందుకంటే నువ్వు నిమిషాలు లెక్కపెట్టలేదు, కూతలు లెక్కపెట్టావు. కూత అంటే కాలం కాదత్తా. లోపలి ఆవిరి వెయిట్ బరువుని మించినప్పుడల్లా బయటికి తన్నుకొచ్చే చప్పుడు. మంట ఎంత పెద్దదైతే అంత గబగబా తన్నుకొస్తుంది.

మేనత్త: నలభై ఏళ్ల నుంచీ తప్పని లెక్క ఇవాళెందుకు తప్పిందంటావు?

చెల్లెలు: నలభై ఏళ్లూ నీ మంట మారలేదు కాబట్టి. కుక్కరు, బర్నరు, పప్పు కొలత అన్నీ అవే అయితే మూడు కూతలకి పట్టే నిమిషాలూ అవే అవుతాయి. నీకు తెలియకుండానే నిమిషాలు లెక్కపెడుతున్నావన్న మాట. రాత్రికి పప్పు చేద్దాం కదా, రెండు పొయ్యిల మీదా పెట్టి చూద్దాం.

మా ఇంట్లో మూడు లీటర్ల కుక్కర్లు రెండున్నాయి. ఒక్కోదాన్లో గ్లాసు కందిపప్పు, అంటే సుమారు 200 గ్రాములు, మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచా నూనె. ఆవిరి గట్టిగా బయటికి రావడం మొదలయ్యాకే వెయిట్ పెట్టమంది మేనత్త. లోపలి గాలి పోకుండా పెడితే ఆవిరి వేడి సరిగ్గా ఎక్కదు, గబగబా వేడెక్కే పొయ్యి మీద ఆ తొందర మరీ ఎక్కువ. గ్యాస్ మీద మొదటి కూత 8వ నిమిషంలో, మూడోది 13వ నిమిషంలో వచ్చింది. 1800 మీద పెట్టిన ఇండక్షన్‌లో మొదటిది 5వ నిమిషంలో వచ్చింది. రెండోదీ మూడోదీ వెంటవెంటనే తరుముకుంటూ వచ్చేశాయి. ఆరున్నర నిమిషాలకల్లా మూడూ అయిపోయాయి.

చెల్లెలు: ఇప్పుడు లెక్క చూడు. కూత మొదలయ్యాక కుక్కరు లోపల 120 డిగ్రీల వేడి ఉంటుంది, పప్పు ఉడికేదంతా అక్కడే. గ్యాస్ మీద ఆ వేడిలో పప్పు అయిదు నిమిషాలుంది. దీని మీద నిమిషంన్నరే ఉంది. పైగా వేడెక్కేటప్పుడు కూడా పప్పు కొంత నానుతుంది, కొంత ఉడుకుతుంది. అందులోనూ మూడు నిమిషాలు తక్కువ.

మేనత్త: అయితే పది కూతలు రానివ్వమంటావా?

చెల్లెలు: వద్దు. అన్ని కూతలు వస్తే నీళ్లు తగ్గి పప్పు అడుగంటుతుంది. మొదటి కూత రాగానే 400కి తగ్గించు. అక్కణ్ణించి నిమిషాలు లెక్కపెట్టు. గ్యాస్ మీద అయిదైతే దీని మీద ఎనిమిది. వేడెక్కడంలో పోయిన మూడు నిమిషాలూ ఇక్కడ కలుపుతున్నామన్న మాట. తర్వాత ఆపేసి, ఆవిరి దానంతటది దిగేదాకా మూత ముట్టుకోకు.

మేనత్త: 400 మీద పెడితే కూత రాదు కదే. ఉడుకుతోందో లేదో నాకెలా తెలుస్తుంది?

చెల్లెలు: కూత రాకపోయినా వెయిట్ కింద సన్నగా బుస్సుమంటూ ఉండాలి, అప్పుడప్పుడు కాస్త కదలాలి. అలా ఉంటే లోపల ఒత్తిడి నిలబడినట్టే. మూత పెట్టి ఉన్న కుక్కరు తన వేడిని పోగొట్టుకునేది తక్కువ, దాన్ని నిలబెట్టడానికి కాస్త చాలు. బుస కూడా ఆగిపోతే 500కో 600కో పెంచు. నీ కుక్కరుకి ఏ అంకె సరిపోతుందో ఒక్కసారి చూసుకుంటే చాలు.

ఉడకని పప్పు కుక్కరుని మళ్లీ అలాగే పెట్టాం. మొదటి కూత దాకా 1800, తర్వాత 400 మీద కొంతసేపు. ఈసారి గుత్తి పెట్టి రెండు తిప్పులు తిప్పేసరికి పప్పు మెత్తగా మెదిగింది. మేనత్త ఏమీ అనలేదు, రుచి చూసి ఉప్పు వేసింది. మా ఇంట్లో అది ఒప్పుకోవడమే.

పోపు దగ్గరికొచ్చేసరికి ఆవిడ మళ్లీ పుంజుకుంది.

మేనత్త: పప్పుకి సరే. పొద్దున పోపు మాడిపోయిందే, దానికి ఏ కూత లెక్క? నూనె పోసి ఆవాల డబ్బా మూత తీసేలోపు పొగొచ్చింది. పోపు నాకు కళ్లు మూసుకున్నా వచ్చే పని. నూనె కాగుతుండగా మినప్పప్పు, శనగపప్పు, ఎర్రబడ్డాక ఆవాలు, చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిరపకాయ, ఇంగువ, చివర్న కరివేపాకు. ఎక్కడైనా వేడెక్కువైతే మూకుడు ఎత్తి పట్టుకుంటాను. ఇవాళ ఎత్తితే అది కుయ్ కుయ్‌మని అరిచింది.

చెల్లెలు: గిన్నె పైకెత్తితే దానికి వేడి పుట్టించడానికి ఏమీ ఉండదు, అందుకే అరుస్తుంది. కాసేపు చూసి ఆగిపోతుంది కూడా. కానీ మాడింది అందుకు కాదు. రెండు చెంచాల నూనె, పల్చటి స్టీలు గిన్నె. ఈ రెండూ కలిపి 180 డిగ్రీలకి చేరడానికి కావలసిన వేడి చాలా కొంచెం. పొయ్యి 1800 మీద ఉంటే దానికి అరనిమిషం చాలు. చిన్న బర్నరు మీద నువ్వు సన్న మంట పెట్టినప్పుడు ఒకటిన్నర, రెండు నిమిషాలు పడుతుంది. నీ చెయ్యి ఆ రెండు నిమిషాలకి అలవాటు పడిపోయింది. డబ్బా తెరవడం, పప్పు తీయడం, మిరపకాయ తుంచడం అన్నీ ఆ లోపలే.

మేనత్త: అంటే ఇక్కడ టైము తగ్గించకూడదు, పెంచాలి.

చెల్లెలు: అవును. 500 మీద పెడితే నీ రెండు నిమిషాలు నీకొచ్చేస్తాయి. ఇంకో పని చెయ్యి. చల్లటి నూనెలోనే మినప్పప్పు, శనగపప్పు వేసి అప్పుడు పొయ్యి వెలిగించు. నూనెతో పాటే అవీ వేడెక్కి లోపలి దాకా ఎర్రబడతాయి. ఆవాలు మాత్రం నూనె కాగాకే. ఒక ఆవగింజ వేసి చూడు, వెంటనే చిట్లితే మిగతావి వెయ్యి. అన్నీ వేశాక కరివేపాకుకి ముందే ఆపేసెయ్. మంట పోయినా గిన్నెలో వేడి ఉంటుంది, దానికి చాలు.

మేనత్త: నా ఇత్తడి మూకుడులో చెయ్యొచ్చా?

చెల్లెలు: కుదరదు. ఇత్తడి, రాగి, అల్యూమినియం, మట్టి ఏదీ దీని మీద వేడెక్కదు. అయస్కాంతం అంటుకున్నా అడుగు గుండ్రంగా ఉన్న మూకుడైతే నడిమి బిళ్లంత మేర మాత్రమే కాలుతుంది, నూనె అంతా అక్కడే చేరి అక్కడే మాడుతుంది. అడుగు చదునుగా, మందంగా ఉండాలి.

దోసెల పెనం సంగతి నేనే అడిగాను, ఎందుకంటే ఆదివారాలు ఆ పని నాది. అదే జబ్బు ఇక్కడా ఉంది. చిన్న ఇండక్షన్ స్టవ్‌ల లోపలి తీగచుట్ట జానెడు కూడా ఉండదు, పెనం దాన్ని దాటి చాలా దూరం ఉంటుంది. మంటైతే పెనం అంచుల దాకా పాకుతుంది, ఇది పాకదు. చుట్ట మీది దోసె ముక్క ఎర్రగా, అంచు తెల్లగా వస్తుంది. ఇనుప పెనాన్ని మధ్యరకం వేడి మీద అయిదారు నిమిషాలు ఊరికే కాలనిచ్చి, దోసె చిన్నగా వేసుకోవడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

రాత్రికి గుత్తి వంకాయ కూర కూడా ఉంది. మేనత్త దాన్ని ఇండక్షన్ మీద పెట్టడానికి ఒప్పుకుంది కానీ, అది పందెం కోసమని నాకు తెలుసు. వేరుశనగ, నువ్వులు, ధనియాలు నూరి కూరిన వంకాయలు చింతపండు పులుసులో సన్నటి సెగ మీద పావుగంట మగ్గాలి. నోటుబుక్కులో "సిమ్, మూత పెట్టి" అని ఉంది. చెల్లెలు 300 పెట్టింది. రెండు నిమిషాలకి మేనత్త పిలిచింది.

మేనత్త: ఇదేం సిమ్మే? కాసేపు కుతకుతలాడుతోంది, కాసేపు చచ్చినట్టు పడి ఉంటోంది.

చెల్లెలు: అదొక్కటీ నిజం. ఇలాంటి చవక స్టవ్‌లు తక్కువ వేడిని నిలకడగా ఇవ్వలేవు. 300 అన్నచోట కూడా వెయ్యి దగ్గర కాసేపు కాల్చి, కాసేపు ఆపి, మళ్లీ కాలుస్తాయి. సగటు మీద 300. గ్యాస్ సిమ్ అలా కాదు, చిన్నదైనా ఒకే తీరుగా వెలుగుతుంది.

మేనత్త: సగటు మీద బతికేది నువ్వు, నా మసాలా కాదు. ఆ వెయ్యి దగ్గర కాలినప్పుడు వేరుశనగ ముద్ద అడుగున పట్టేస్తుంది.

ఆవిడ గరిటె పెట్టి అడుగు గీకి చూపించింది. నిజంగానే సన్నటి పొర పట్టింది, మాడు వాసన ఇంకా రాలేదు. చెల్లెలు కూరని అడుగు మందంగా ఉన్న గిన్నెలోకి మార్చింది. రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం పెట్టిన అడుగది. పొయ్యి ఆగినప్పుడు ఆ మందంలో దాచుకున్న వేడి కూరకి అందుతుంది, కాలినప్పుడు ఒక్కసారిగా మీద పడదు. పావు గ్లాసు నీళ్లు పోసి మూత పెట్టింది. పక్కల్ని కాల్చే మంట లేదు కాబట్టి పైనున్న వంకాయలు వెనకబడతాయని, అయిదు నిమిషాలకోసారి కాయల్ని తిప్పమని చెప్పింది. పావుగంట పట్టాల్సిన కూరకి ఇరవై నిమిషాలు పట్టింది. వేగం కోసం కొన్న స్టవ్ మీద టైము పెరిగిన సందర్భం ఇది. బాగానే కుదిరింది, కానీ నూనె తేలడంలో గ్యాస్ మీది కూరకి తీసిపోయిందని నేను కూడా అంటాను. చెల్లెలు ఒప్పుకోదు.

మేనత్త: మా తణుకులో సాయంత్రం ఏడింటికి వోల్టేజీ పడిపోతుంది. అప్పుడు ఈ నిమిషాలన్నీ ఏమవుతాయి?

చెల్లెలు: తెర మీద 1800 అని ఉంటుంది, లోపల అంత ఉండదు. నీళ్లు కాగే టైము పెరుగుతుంది. అందుకే మొదటి ముక్కకి నిమిషాలు రాసుకోవద్దు. కూత వచ్చేదాకా, తెర్లేదాకా అని గుర్తు రాసుకో. నిమిషాలు రెండో ముక్కకే.

మేనత్త: అంటే మొదటి సగానికి కూత, రెండో సగానికి గడియారం.

చెల్లెలు: అంతే.

ఇల్లు మారినా, స్టవ్ మారినా ఎవరైనా ముందుగా చేసుకోవాల్సిన పని ఒకటుందని ఆ రాత్రి చెల్లెలు చెప్పింది. లీటరు నీళ్లు తెర్లించి, ఒక్కో మెట్టూ తగ్గిస్తూ పోవాలి. మీ గ్యాస్ సిమ్ మీద వచ్చేలాంటి చిన్న చిన్న బుడగలు ఏ అంకె దగ్గర వస్తాయో చూసి ఆ అంకెని స్టవ్ పక్కన గోడ మీద రాసుకోవాలి. మా దానికి మందపు గిన్నెలో 500 దగ్గర వచ్చాయి. అదే కంపెనీ స్టవ్ చెల్లెలింట్లో 400 దగ్గరే ఆ బుడగలు ఇస్తుందట. కాబట్టి మా అంకెలు మీరు తీసుకోకండి, మీ పొయ్యిని మీరే అడగండి.

మేనత్త వెళ్లే ముందు నోటుబుక్కు తీసింది. పాతవేవీ కొట్టెయ్యలేదు. కందిపప్పు పక్కన, మూడు కూతల కింద, చిన్న అక్షరాలతో రాసింది: "కరెంటు పొయ్యి – ఒక కూత దాకా ఎక్కువ, తర్వాత 400, గడియారం చూసి 8. ఆవిరి దిగాకే మూత." పోపు దగ్గర "500, పప్పులు చల్లటి నూనెలో" అని, గుత్తి వంకాయ దగ్గర "గ్యాస్" అని రాసింది. ఉలవల పేజీలో ఏమీ మార్చలేదు.